గడియారం చేతికి పగ్గాలు: దీర్ఘకాలిక నొప్పి, కుంగుబాటు కలిసిన చోట పెయిన్ క్లినిక్ ఏం చేస్తుంది

నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో లేసు అల్లే ఆడవాళ్లకు మెడనొప్పి కొత్త సంగతి కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన ఈ పని ఇప్పటికీ ఇళ్ల అరుగుల మీదే సాగుతోంది. ఏజెంటు దారపు ఉండలు ఇచ్చిపోతాడు, గడువు నాటికి వచ్చి అల్లిన ముక్కలు పట్టుకెళ్తాడు, ముక్కకింత అని లెక్క కడతాడు. ఆర్డరు ఉన్న వారం తల వంచుకుని అయిదారు గంటలు సూది తిప్పాలి. ఆర్డరు లేని వారం ఖాళీ. మెడ, భుజాల నొప్పి మూడు నెలలు దాటి నిలబడిపోతే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. దానికి కుంగుబాటు కూడా తోడైనప్పుడు పెయిన్ క్లినిక్‌లో మానసిక చికిత్స ఎలా నడుస్తుందో చూడటానికి ఒక కేసు వివరంగా తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. ఇలాంటి కేసుల్లో తరచూ కనిపించే వివరాలను ఒకచోట చేర్చి అల్లిన ఉదాహరణ.

ఆమెకు 46 ఏళ్లు. ముప్ఫై ఏళ్లుగా లేసు పని చేస్తోంది. నాలుగేళ్లుగా మెడ నుంచి కుడి భుజం మీదుగా రెక్క దాకా లాగుతున్న నొప్పి. పదికి ఏడు అంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వారానికోసారి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకునేది. ఎమ్మారైలో మెడ డిస్కు ఒకటి కొద్దిగా ఉబ్బినట్టు వచ్చింది. ఆ వయసులో నొప్పి లేనివాళ్లలో కూడా కనిపించే మార్పే అది. అయినా "డిస్కు జారిపోయిందంట" అనే మాట ఇంట్లో స్థిరపడిపోయింది. రెండేళ్లుగా పెళ్లిళ్లకు వెళ్లడం లేదు. పంటు ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లిలో ఉన్న అక్కగారింటికి వెళ్లడం మానేసింది. మధ్యాహ్నం పడుకుంటే సాయంత్రం వరకు లేవదు.

ముందు చేయాల్సింది శరీర పరీక్ష. చేయి బలం తగ్గడం, నడక తడబడటం, మూత్రం అదుపు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు ఎలా పడుకున్నా ఆగని నొప్పి వీటిలో ఏది ఉన్నా మానసిక చికిత్స సంగతి పక్కన పెట్టి వేరే పరీక్షలకు పంపాలి. ఆమెలో ఇవేవీ లేవు. ఇంజెక్షన్లు ఆపేశారు. నొప్పి మీద, కుంగుబాటు మీద రెండింటి మీదా పనిచేసే డ్యులోక్సెటిన్ మొదలుపెట్టారు. మందుల వ్యవహారం డాక్టరుది. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

కుంగుబాటును కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం వాడతారు. మొత్తం 27 మార్కులు. పది నుంచి మధ్యస్థం, పదిహేను నుంచి కొంచెం తీవ్రం. ఆమెకు 16 వచ్చింది. నొప్పి ఉన్నవాళ్ల దగ్గర ఈ అంకెను ఉన్నదున్నట్టు నమ్మడానికి లేదు. నిద్ర పట్టకపోవడం, నీరసం, ఆకలి తగ్గడం, మనసు నిలవకపోవడం నొప్పి వల్ల కూడా రావచ్చు, నాలుగు ప్రశ్నలు వాటి మీదే ఉంటాయి. అందుకే మొదటి రెండు ప్రశ్నలను విడిగా చూడాలి: ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, మనసు దిగులుగా ఉండటం. డెల్టా పల్లెల్లో "దిగులుగా ఉందా?" అని అడిగితే "దిగులేముందండీ, నొప్పే" అంటారు. "నొప్పి లేని కాలంలో మీకిష్టమైన పని ఏది? అది చేసి ఎన్నాళ్లయింది?" అని అడిగితే అసలు జవాబు వస్తుంది. ఆమె అక్కగారి సంగతి చెబుతూ ఏడ్చింది. ఆ రెండు ప్రశ్నల్లోనూ మార్కులు పూర్తిగా పడ్డాయి. కుంగుబాటు ఉన్నట్టే.

తొమ్మిదో ప్రశ్న చావు గురించి. "ఇలా ఉండేకంటే పోతే బాగుండు అనిపిస్తుంది, కొన్ని రోజులు" అంది. ఈ జవాబు వచ్చాక తలూపి తర్వాతి కాగితానికి వెళ్లిపోవడం పెద్ద తప్పు. ఎలా చనిపోవాలో ఆలోచించారా, అందుకు కావాల్సినవి దగ్గర ఉన్నాయా అని నేరుగా అడగాలి. అలా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ఆమె దగ్గర పథకమేమీ లేదు. కానీ ఇంట్లో చేలకు కొట్టే పురుగుమందు వసారాలో గూట్లో ఉంది. వరి పండే ప్రతి ఊళ్లోనూ అంతే. ఆ రోజే భర్తను లోపలికి పిలిచి, మందు డబ్బాలు ఇంటి నుంచి తీసి వేరేచోట తాళం వేసి పెట్టేలా ఒప్పించారు. మానసిక ఆరోగ్య సహాయానికి ఉన్న టెలీ-మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 ఆమె ఫోన్‌లో ఎక్కించారు. ఈ ప్రశ్న ప్రతి వారం మళ్లీ అడుగుతారు. పథకం ఉందని తేలితే మిగతా ప్రణాళిక అంతా ఆగి, సైకియాట్రిస్టు ముందుకు వస్తారు.

ఇక అసలు చికిత్స. పనిని సమయం కొలిచి చేసే పేసింగ్, నొప్పి ఉండగానే బతుకు సాగించడం నేర్పే యాక్సెప్టెన్స్, నిద్ర అని మూడు పేర్లు వినిపిస్తాయి కాబట్టి మూడు వేర్వేరు చికిత్సలనుకుంటారు. లోతుగా చూస్తే మూడింటిలో జరిగే పని ఒకటే. ఇప్పటిదాకా ఎప్పుడు పని మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పడుకోవాలో నొప్పి నిర్ణయిస్తోంది. కుంగుబాటు వచ్చాక అదే పెత్తనం మనసు బాగున్నప్పుడు, బాగోలేనప్పుడు అనే దానికీ దక్కింది. ఆ పెత్తనాన్ని తీసి గడియారానికి ఇవ్వడమే ఈ ప్రణాళిక. నొప్పిని బట్టి కాక సమయాన్ని బట్టి పని చేయించాలన్న ఆలోచనను పెయిన్ క్లినిక్కుల్లో స్థిరపరచింది అమెరికన్ మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్. 1976లో వచ్చిన ఆయన పుస్తకం ఈ రంగానికి పునాది.

మొదటి వారం ఏమీ మార్చలేదు. రెండు సంగతులు రాసుకోమన్నారు, అంతే. లేసు పని మొదలుపెట్టాక నొప్పి స్పష్టంగా పెరిగేదాకా ఎన్ని నిమిషాలు గడిచాయి, ఆ రోజు మొత్తం ఎంత సేపు అల్లింది? రాత్రి ఎప్పుడు పడుకుంది, సుమారుగా ఎంత నిద్రపోయింది, ఎప్పుడు లేచింది? చదువు పెద్దగా లేని ఆమెకు పదో తరగతి చదివే కూతురు రాసిపెట్టింది.

అయిదు రోజుల నిమిషాలు ఇలా వచ్చాయి: 35, 20, 28, 15, 27. సగటు 25. పేసింగ్‌లో మొదలు పెట్టేది సగటు దగ్గర కాదు, దానిలో 80 శాతం దగ్గర. అంటే 20 నిమిషాలు. ఇరవై నిమిషాలు అల్లడం, పది నిమిషాలు ఆపడం. ఆపడమంటే మంచమెక్కడం కాదు. లేచి భుజాలు తిప్పుకుంటూ పెరట్లో కొబ్బరిచెట్ల దాకా నడిచి రావడం. రోజుకు ఇలాంటివి నాలుగు దఫాలు. మొత్తం 80 నిమిషాలు. ఫోన్‌లో అలారం మోగగానే సూది కింద పెట్టాలి.

వినడానికి తేలికే. ఆచరణలో కష్టమంతా బాగున్న రోజునే వస్తుంది. నొప్పి ఎక్కువున్న రోజు ఇరవై నిమిషాలకు ఆపమంటే ఎవరైనా ఆపుతారు. ఒంట్లో బాగున్న రోజున, ముక్క ఇంకో నాలుగు వరసల్లో పూర్తవుతుందనగా అలారం మోగితే ఆపడమే కష్టం. కానీ ఆ రోజున ఆపడంలోనే చికిత్స ఉంది. నాలుగేళ్లుగా జరుగుతున్నది చూడండి. బాగున్న రోజు అయిదు గంటలు అల్లడం, తర్వాత మూడు రోజులు మంచం పట్టడం. ఆ మూడు రోజుల్లో కండరాలు సడలుతాయి, పని మీద భయం పెరుగుతుంది, "నావల్ల కాదు" అన్న మాట బలపడుతుంది. మళ్లీ బాగున్న రోజు వచ్చేసరికి వెనకబడిన పనంతా ఒకేసారి నెత్తిన పడుతుంది. ఆమె డైరీలో ఈ ఎగుడుదిగుడు అంకెల్లోనే కనిపించింది: ఒక రోజు 300 నిమిషాలు, తర్వాత సున్నా, సున్నా, 40. వారం మొత్తం కూడితే రోజుకు 80 నిమిషాల కంటే పెద్దగా ఎక్కువ రాలేదు. ఆ లెక్క తన కళ్లతో చూశాకే ఆమెకు పద్ధతి మీద కొంత నమ్మకం కుదిరింది.

పేసింగ్‌కు ఇంకో ప్రమాదం కూడా ఉంది. నొప్పి రాకుండా చూసుకోవడానికి పని తగ్గించుకోవడమే పేసింగ్ అనుకుంటే అది భయానికి పెట్టిన మంచి పేరు మాత్రమే అవుతుంది. తేడా పట్టుకోవడానికి గుర్తు ఒకటే. నిమిషాలు పెరుగుతున్నాయా లేదా? వారానికి పది శాతం చొప్పున, ఇక్కడైతే రెండు నిమిషాలు, పెరగాలి. మూడు వారాలు వరసగా అక్కడే ఆగిపోతే పేసింగ్ దారి తప్పిందని అర్థం.

నిద్ర సంగతికి వద్దాం. డైరీ ప్రకారం రాత్రి తొమ్మిదికి పడుకుని ఉదయం ఆరుకు లేస్తోంది. పడక మీద తొమ్మిది గంటలు, అంటే 540 నిమిషాలు. నిద్రపోయింది సగటున అయిదున్నర గంటలు, 330 నిమిషాలు. భాగిస్తే 61 శాతం. అంటే పక్క మీద గడిపిన ప్రతి అయిదు గంటల్లో రెండు గంటలు మేలుకుని, నొప్పితో, ఆలోచనలతో గడిచినవే. నాలుగేళ్లు ఇలా నడిచాక పక్క ఎక్కడమంటేనే మెలకువకు సంకేతమైపోతుంది. దీనికి తోడు పగలు రెండు గంటల పడక.

1987లో ఆర్థర్ స్పీల్‌మన్ బృందం ప్రతిపాదించిన పద్ధతి వినేవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. నిద్ర పట్టని మనిషిని తక్కువ సేపు పడుకోమంటారు. నిద్రపోతున్నంత సేపే పక్క మీద ఉంటే నిద్ర కోసం శరీరపు ఆరాటం పెరిగి ముక్కలు ముక్కలుగా ఉన్న నిద్ర ఒకచోటికి చేరుతుంది. కచ్చితంగా లెక్కేస్తే ఆమెకు అయిదున్నర గంటలే ఇవ్వాలి. కానీ నిద్ర తగ్గితే నొప్పిని అణచే శరీరపు శక్తీ తగ్గుతుంది. అందుకని నొప్పి, కుంగుబాటు కలిసి ఉన్నప్పుడు కొంచెం ఉదారంగా ఉండటం మంచిది. ఆరు గంటలు ఇచ్చారు: రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు. లేచే వేళను ముందు ఖాయం చేసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కగట్టారు. అయిదుకు వాకిట్లో కళ్లాపి చల్లే అలవాటు ఆమెకు పూర్వం ఉండేది, దాన్నే మేకుగా వాడుకున్నారు. రాత్రి ఎలా గడిచినా అయిదుకు లేవాల్సిందే. పగటి పడక లేదు. మరీ కళ్లు మూతలు పడితే మధ్యాహ్నం మూడులోపు ఇరవై నిమిషాల కునుకు, అదీ కుర్చీలో.

పక్క మీద ఇరవై నిమిషాల పాటు నిద్ర రాలేదనిపిస్తే లేచి బయటకు రావాలన్నది ఇంకో నియమం. 1972లో రిచర్డ్ బూట్జిన్ చెప్పిన పద్ధతి దీనికి మూలం. ఇంట్లో నలుగురూ ఒకే గదిలో పడుకునే చోట ఇది ఇబ్బంది. ఆమె లేస్తే అందరూ లేస్తారు. వసారాలో ఒక చాప, దోమతెర, చిన్న బల్బు ముందే అమర్చి పెట్టాక గానీ ఈ నియమం నడవలేదు. ఇలాంటి చిన్న ఏర్పాటు దగ్గరే చాలా ప్రణాళికలు విఫలమవుతాయని క్లినిక్కులకు అనుభవం.

ఈ పద్ధతి అందరికీ పనికిరాదు. బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు నిద్ర తగ్గిస్తే ఉన్మాద దశ రేగవచ్చు. మూర్ఛ ఉన్నవాళ్లకు ఫిట్స్ రావచ్చు. గురకతో ఊపిరి ఆగే జబ్బుంటే ముందు దానికి వైద్యం కావాలి. రాత్రిపూట లారీ నడిపేవాళ్లకు ఇది ప్రమాదం. మొదటి పది రోజులు పగలు మత్తుగా ఉంటుందని, నొప్పి కూడా ఒక మెట్టు పెరిగినట్టు అనిపించవచ్చని ముందే చెప్పాలి. చెప్పకపోతే మూడో రోజే మానేస్తారు.

రెండో వారం చివర ఆరు గంటల్లో 310 నిమిషాలు నిద్రపోయింది. 86 శాతం. 85 దాటితే పడక సమయానికి పావుగంట కలుపుతారు, 80 కంటే దిగితే పావుగంట తీసేస్తారు, మధ్యలో ఉంటే కదపరు. మూడో వారానికి ఆరుంపావు గంటలు, నాలుగో వారానికి ఆరున్నర. మొత్తం నిద్ర పెద్దగా పెరగకపోయినా ఒక్క తీరున పట్టడం మొదలైంది.

ఇక యాక్సెప్టెన్స్. తెలుగులో దీనికి సరైన మాట దొరకక పోవడమే మొదటి చిక్కు. 'అంగీకారం' అంటే నొప్పికి లొంగిపోమన్నట్టు వినిపిస్తుంది. పుట్టినప్పటి నుంచి "సర్దుకుపో", "ఓర్చుకో" అనే మాటలు విన్న ఆడమనిషికి క్లినిక్‌లో కూడా అదే మాట వినబడితే చికిత్స అక్కడితో ముగిసినట్టే. మూడో వారం సైకాలజిస్టుకూ ఆమెకూ మధ్య జరిగింది ఇదే.

"అయితే భరించమంటారా అండీ? నాలుగేళ్ల నుంచి అదే కదండీ చేస్తున్నాను."

"భరించినప్పుడు మీరేం చేసేవారమ్మా?"

"పళ్లబిగువున పడుకునేదాన్ని. ఎవరితో మాట్లాడేదాన్ని కాదు."

"మరి అక్కగారింటికి వెళ్లాలనిపిస్తే?"

"నొప్పి తగ్గాక వెళ్దామని."

ఆ 'తగ్గాక' అనే మాట మీదే పనంతా నడుస్తుంది. ఓర్చుకోవడంలో మనిషి నొప్పి తగ్గేదాకా బతుకును వాయిదా వేస్తుంది. "నా రాత" అనుకోవడంలో బతుకును వదిలేస్తుంది. యాక్సెప్టెన్స్‌లో నొప్పి ఉండగానే ఆమె పంటు ఎక్కుతుంది. మనస్తత్వవేత్త లాన్స్ మెక్‌క్రాకెన్, సహచరులు తయారుచేసిన ప్రశ్నాపత్రం దీన్ని రెండు భాగాలుగా కొలుస్తుంది. నొప్పితో పెనుగులాట ఎంత తగ్గింది, నొప్పి ఉండగానే పనుల్లో ఎంత పాలుపంచుకుంటోంది. రెండోది పెరగకుండా మొదటిదే మారితే అది నిస్పృహ కావచ్చు. కుంగుబాటు ఉన్నవాళ్లలో ఈ తేడా గమనించడం చాలా అవసరం. పోరాటం ఆపేసినట్టు కనిపించే మనిషి నిజానికి ఆశ వదిలేసి ఉండవచ్చు.

డెల్టాలో పుట్టిన మనిషికి కాలువ పోలిక వెంటనే అందుతుంది. కాలువలో నీటికి అడ్డంగా గట్టు వేస్తే నీరు ఆగదు, గట్టును కోసుకుపోతుంది. రైతు తూము తెరిచి నీటిని దారిన పోనిస్తూ చేలో తన పని తాను చేసుకుంటాడు. సాధన కూడా అలాగే చిన్నదిగా మొదలైంది. అల్లుతూ నొప్పి పెరిగినప్పుడు సూది ఆపకుండా మూడు ఊపిర్లు, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో గమనించడం, దాని చుట్టూ బిగబట్టిన భుజాన్ని వదలడం. "నా మెడ పనికి రాకుండా పోతోంది" అనిపిస్తే, "మెడ పనికి రాకుండా పోతోందనే ఆలోచన మళ్లీ వచ్చింది" అని మనసులో అనుకోవడం. వాక్యంలో చిన్న మార్పు. ఆ ఆలోచన నిజమా కాదా అని వాదించరు. దాని మాట విని సూది కింద పెట్టాలా, అలారం మాట వినాలా అన్నదే ప్రశ్న.

ఇక్కడ మూడూ ఒకటవుతాయి. నొప్పి ఉండగానే ఇరవై నిమిషాలు పూర్తి చేయడానికి యాక్సెప్టెన్స్ కావాలి. బాగున్న రోజు ఇరవై నిమిషాలకే ఆపినప్పుడు కలిగే అసహనాన్ని తట్టుకోవడానికీ అదే కావాలి. రాత్రి పదకొండు దాకా మేలుకుని ఉండి, మెలకువ వచ్చినప్పుడు నిద్రను బలవంతంగా రప్పించే ప్రయత్నం మానడానికీ అదే కావాలి. కుంగుబాటుకు విడిగా పెట్టిన చికిత్స కూడా ఇదే దారిలో ఉంది. మనసు బాగుపడ్డాక అక్కగారింటికి వెళ్లడం కాకుండా, వారం విడిచి వారం శనివారం పది గంటల పంటుకు వెళ్లాలని కాగితం మీద రాశారు. మొదటిసారి రేవు దాకా వెళ్లి తిరిగొచ్చింది. రెండోసారి దాటింది.

అయిదో వారంలో ఏజెంటు వచ్చాడు. నాలుగు రోజుల్లో ముక్కలు కావాలన్నాడు. ఆమె అలారం ఆపేసి రెండు రోజులు నాలుగేసి గంటలు అల్లింది. తర్వాత రెండు రోజులు మంచం. పగటి పడక తిరిగొచ్చింది. ఆ వారం ఆరున్నర గంటల పడకలో 290 నిమిషాల నిద్ర, 74 శాతం. "మీ పద్ధతి పని చెయ్యలేదండీ" అని ఇంటివాళ్లు నిష్ఠూరమాడారు. ప్రతి కేసులోనూ ఇలాంటి వారం ఒకటి వస్తుంది. దాన్ని తప్పుగా కాక సమాచారంగా చూడటం క్లినిక్ నేర్చుకోవాల్సిన విద్య. ఆమెను మందలిస్తే వచ్చే వారం డైరీలో అబద్ధపు అంకెలు ఉంటాయి. 24 నిమిషాల దాకా వచ్చిన దఫాను మళ్లీ 20కి దించారు, పడక సమయంలో పావుగంట తగ్గించారు, రేవు ప్రయాణం మాత్రం అలాగే ఉంచారు. నొప్పి పెరిగిందని ఇష్టమైన పనిని ముందు కోసేయడం కుంగుబాటుకు తలుపు తీయడమే.

పదో వారానికి దఫాకు 28 నిమిషాలు, రోజుకు ఆరు దఫాలు, మొత్తం 168 నిమిషాలు. పడక ఆరుముప్పావు గంటలు, నిద్ర 350 నిమిషాలు, 86 శాతం. పీహెచ్‌క్యూ-9 16 నుంచి 9కి దిగింది. అయిదు పాయింట్లు తగ్గితే నిజమైన మార్పుగా లెక్కిస్తారు. తొమ్మిదో ప్రశ్నకు సున్నా. నాలుగు నుంచి ఆరు వారాల్లో ఈ అంకె కదలకపోయి ఉంటే మందు మోతాదు, సైకియాట్రిస్టు అభిప్రాయం మళ్లీ చూడాల్సి వచ్చేది. నొప్పి మాత్రం పదికి ఏడు నుంచి ఆరుకే దిగింది.

ఆ ఆరు అంకెను దాచకూడదు. మానసిక చికిత్సల మీద జరిగిన పరిశోధనలను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష కూడా ఈ మాటే చెప్పింది: ఆలోచనలను, అలవాట్లను మార్చే సీబీటీ చికిత్స వల్ల నొప్పి, వైకల్యం, మనోవేదనల్లో వచ్చే మేలు సగటున చిన్నది. యాక్సెప్టెన్స్ చికిత్స మీద ఉన్న ఆధారాలు ఇంకా గట్టిగా లేవు. నిద్ర చికిత్స వల్ల నిద్ర బాగా మెరుగుపడుతుంది, నొప్పి అంతగా తగ్గదు. కాబట్టి మొదటి రోజే "నొప్పి పోతుంది" అని మాటిచ్చిన క్లినిక్ పదో వారంలో మాట పోగొట్టుకుంటుంది. ఆమెలో అసలు మార్పు వేరే వరసలో ఉంది: పెళ్లికి వెళ్లింది, అయిదుకు లేచి ముగ్గు పెడుతోంది, నాలుగుసార్లు గోదావరి దాటింది.

గట్టిగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ముక్కకింత అని కట్టే కూలీలో, నాలుగు రోజుల గడువులో ఎగుడుదిగుడు పని పుట్టుకొస్తుంది. సైకాలజిస్టు గదిలో దాన్ని మార్చలేరు. ఎనభై నిమిషాల పని అంటే ఆ వారాల్లో ఆదాయం తగ్గినట్టే. ఆ సంగతి ముందే ఇంటివాళ్లతో మాట్లాడకపోతే చికిత్సను ఆపేది నొప్పి కాదు, కిరాణా కొట్టు బాకీ.

అందుకే చివరి కలయికలో ఎక్కువ సమయం వచ్చే ఆర్డరు మీదే గడిపారు. దారం పెట్టుకునే రేకు పెట్టె మూత లోపల కూతురి చేతిరాతతో ఒక కాగితం అంటించారు. ఏజెంటు రాగానే గడువు రెట్టింపు అడగాలి. ఇవ్వకపోతే సగం ముక్కలు తోడికోడలికి పంచాలి. అలారం ఒక్కరోజు తప్పితే మర్నాడు 20 నిమిషాల నుంచి మొదలు. రెండు రాత్రులు నిద్ర చెడినా అయిదుకే లేవాలి. శనివారం పది గంటల పంటు. పోతే బాగుండు అనే ఆలోచన తిరిగొస్తే ఆ రోజే 14416కు ఫోన్, భర్తకు చెప్పడం. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నారు, ఆ కాగితం వెంట తెచ్చుకోమన్నారు.